విన్నది, రాసుకుంది, కానీ మోగలేదు

ఫోన్‌ను పిలిచి "రేపు ఉదయం ఐదున్నరకి థైరాయిడ్ మాత్ర వేసుకోమని గుర్తుచేయి" అంటాం. "సరే, గుర్తుచేస్తాను" అంటుంది. నిశ్చింతగా పడుకుంటాం. తెల్లారి ఆరున్నరకి కాఫీ తాగేశాక మాత్ర సంగతి మనకే గుర్తొస్తుంది. ఫోన్ మాత్రం కిక్కురుమనదు. పెద్దవాళ్ళున్న ఇళ్ళలో ఈ ఫిర్యాదు తరచుగా వింటున్నాను. ఎక్కువమంది తీర్పు ఒక్కటే: "దానికి తెలుగు సరిగ్గా రాదు." నిజానికి చాలాసార్లు తప్పు తెలుగుది కాదు. ఫోన్ మాట బాగానే విన్నది, రాసుకుంది కూడా. మోగాల్సిన వేళకి దాన్ని మోగనివ్వలేదు.

ఈ తేడా పట్టుకుంటే మరమ్మతు సగం అయినట్టే. నోటితో చెప్పిన మాట మోత దాకా వెళ్ళడానికి మూడు మజిలీలున్నాయి. మాటను విని అర్థం చేసుకునేది వాయిస్ అసిస్టెంట్. ఆ పనిని తేదీ, టైముతో దాచిపెట్టేది వేరే యాప్. సమయం వచ్చినప్పుడు ఆ యాప్‌ను నిద్రలేపి శబ్దం చేయనిచ్చేది ఫోన్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్. అసిస్టెంట్ "సరే" అన్నదంటే మొదటి మజిలీ దాటిందని మాత్రమే అర్థం. మిగిలిన రెండింటికీ అది హామీ ఇవ్వలేదు.

రెండో మజిలీ ఎక్కడుందో చాలామందికి తెలియదు. గూగుల్ అసిస్టెంట్ ఒకప్పుడు రిమైండర్లను తన దగ్గరే ఉంచుకునేది. 2023లో వాటన్నిటినీ గూగుల్ టాస్క్స్‌కు మార్చేశారు. ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్‌లో చెప్పిన రిమైండర్‌ను వెతకాలంటే టాస్క్స్ యాప్‌లోనో, గూగుల్ క్యాలెండర్‌లోనో చూడాలి. ఐఫోన్‌లో సిరికి చెప్పింది రిమైండర్స్ యాప్‌లోకి వెళుతుంది. మోగలేదని అనిపించిన రోజు ముందు తెరవాల్సింది ఈ యాప్‌నే.

అక్కడ మనం చెప్పిన పని అసలు లేకపోతే చిక్కు మొదటి రెండు మజిలీల్లోనే ఉంది. దీనికి బాగా కనిపించే కారణం రెండు జీమెయిల్ ఖాతాలు. ఫోన్ కొన్నప్పుడు షాపువాడు ఒక ఖాతా తెరిచి ఉంటాడు, తర్వాత కొడుకో కూతురో ఇంకొకటి పెట్టి ఉంటారు. అసిస్టెంట్ ఒక ఖాతాలో రాస్తుంది, టాస్క్స్ యాప్ ఇంకో ఖాతాను తెరిచి చూపిస్తుంది. యాప్‌లో పైన కుడివైపున్న గుండ్రటి బొమ్మను నొక్కితే ఏ ఖాతా నడుస్తోందో తెలుస్తుంది. రెండుచోట్లా ఒకటే ఉండేలా చూడాలి.

పని ఉంది కానీ టైము వేరేగా ఉంటే మనం చెప్పిన తీరు చూసుకోవాలి. "ఆరింటికి" అని ఊరుకుంటే ఉదయమో సాయంత్రమో యంత్రం ఊహించుకుంటుంది. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అన్న మాట గంటకు ముందు పెట్టి తీరాలి. "పావు తక్కువ ఏడు" మనకు సహజమే గానీ, "ఆరు నలభై అయిదు" అంటే పొరపాటుకి చోటు తక్కువ. అర్ధరాత్రి దాటాక చెప్పే "రేపు" ఇంకా ప్రమాదం. పన్నెండున్నరకి పడుకోబోతూ "రేపు ఉదయం ఆరింటికి" అంటే మన ఉద్దేశం మరో ఐదున్నర గంటల్లో అని. తేదీ మాత్రం అప్పటికే మారిపోయింది కాబట్టి అది ఒక రోజు తర్వాతికి పడవచ్చు. ఆ వేళలో "ఈరోజు ఉదయం" అనడమే మంచిది. మాట మధ్యలో ఆగి ఆలోచించుకోకూడదు కూడా. కొంచెం సేపు మౌనం వినిపిస్తే చెప్పడం అయిపోయిందనుకుని అది అక్కడికే ముగించేస్తుంది. అందుకే టైమునీ పనినీ మనసులో అనుకుని ఒక్క బిగిని చెప్పాలి. తర్వాత అది తెరమీద చూపించే తేదీ, గంట ఒకసారి చదవాలి. మొదటి మజిలీకి ఇంతే సరిపోతుంది.

అసలు కథ మూడో మజిలీలో ఉంది. రాజమండ్రిలో మా మేనత్త విషయంలో జరిగింది చెబుతాను. ఆమె రిటైరైన టీచరు. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలి, ఆ తర్వాత అరగంట దాకా కాఫీ కూడా తాగకూడదన్నారు డాక్టరు. అందుకని రోజూ ఐదున్నరకి గుర్తుచేయమని ఫోన్‌కి చెప్పుకుంది.

"ఏరా, ఇది ఓ రోజు మోగుతుంది, ఓ రోజు మోగదు. దీని బుద్ధి ఏమిటో నాకు అంతుపట్టడం లేదు" అంది.

"మోగని రోజున ఫోన్ తెరిస్తే ఏం కనిపిస్తుంది అత్తా?" అని అడిగాను.

"తెరవగానే టింగ్ అంటుంది. అప్పటికి ఆరున్నర. నేను లేచాక నన్ను లేపడం దేనికి?"

ఆ ఒక్క మాటలోనే జబ్బు తెలిసిపోయింది. మోగని రిమైండర్ తెల్లారి ఎలా కనిపిస్తుందో గమనిస్తే కారణం దాదాపుగా దొరుకుతుంది. తెర తెరవగానే అప్పుడే టింగుమని వచ్చిందంటే, ఆ టైములో యాప్ నిద్రపోతోంది, ఫోన్ దాన్ని లేపలేదు. తెరిచేసరికి నోటిఫికేషన్ ఐదున్నర టైముతో అప్పటికే కూర్చుని ఉంటే, అది వేళకే వచ్చింది, శబ్దమే రాలేదు. అసలు నోటిఫికేషనే లేకుండా యాప్‌లో ఆ పని గడువు దాటినట్టు ఎర్రగా కనిపిస్తుంటే, దానికి నోటిఫికేషన్ ఇచ్చే అనుమతే లేకపోయి ఉండాలి. ఈ మూడింటి మందులు వేరు వేరు. ఏది ఏదో చూడకుండా ఫోన్‌లోని స్విచ్‌లన్నీ అటూ ఇటూ తిప్పేవాళ్ళు ఇంకో రెండు కొత్త చిక్కులు తెచ్చుకుంటారు.

అత్తయ్యది మొదటి రకం. మరి కొన్ని రోజులు ఎలా మోగింది? రాత్రి ఫోన్ ఎక్కడ పెడుతుందో అడిగాను. ఛార్జింగ్ తక్కువుంటే రాత్రంతా ప్లగ్గుకే ఉంచుతుంది, నిండుగా ఉంటే దిండు పక్కన పెట్టుకుంటుంది. మోగిన రోజులన్నీ ప్లగ్గుకి పెట్టిన రోజులే.

దీని వెనక ఉన్నది 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చిన డోజ్ అనే ఏర్పాటు. ఫోన్ ప్లగ్గుకి లేకుండా, తెర ఆరిపోయి, కదలకుండా కొంతసేపు పడి ఉంటే సిస్టమ్ గాఢనిద్రలోకి పోతుంది. యాప్‌లు చేయాలనుకున్న పనులను ఎప్పటికప్పుడు చేయనివ్వదు. మధ్యమధ్య కొద్దిసేపు మేలుకుని, ఆగిన పనులను ఒక్కసారిగా చేసుకోనిస్తుంది. రాత్రి గడిచేకొద్దీ ఈ మెలకువల మధ్య ఎడం పెరుగుతుంది. బ్యాటరీ ఒక రోజంతా నిలవడానికి ఇది అవసరమైన ఏర్పాటే. దీనిపైన చాలా ఫోన్ కంపెనీలు తమ సొంత పొదుపు చర్యలు కూడా కలుపుతాయి. తరచుగా తెరవని యాప్‌ను వెనకాల నడవనివ్వవు. రిమైండర్ యాప్ గతి సరిగ్గా ఇదే. మనం నోటితో చెబుతాం తప్ప ఆ యాప్‌ను నెలల తరబడి తెరవం. అది పనికిరానిదని ఫోన్ అనుకుంటుంది.

గడియారం యాప్‌లో పెట్టిన అలారం ఇలా ఆగదు. అలారం గడియారంగా నమోదైన వేళకి కాస్త ముందే సిస్టమ్ డోజ్‌లోంచి బయటికి వస్తుంది. మిగతా యాప్‌లకు ఆ గౌరవం లేదు. కచ్చితంగా ఫలానా నిమిషానికే లేపమని అడగడానికి 2021 నాటి ఆండ్రాయిడ్ 12 నుంచి ప్రత్యేక అనుమతి పెట్టారు. ఆ తర్వాత ఆండ్రాయిడ్ 13లో నోటిఫికేషన్ చూపడానికే వినియోగదారుని అడగాలన్నారు. కొత్తగా యాప్ వేసుకున్నప్పుడు వచ్చే ఆ ప్రశ్నకి చిరాకుతో "వద్దు" అని నొక్కేసిన వాళ్ళు ఎందరో. అక్కడితో ఆ యాప్ మూగబోతుంది.

అత్తయ్య ఫోన్‌లో చేసింది ఇది. సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితా తెరిచి, రిమైండర్లు దాచే యాప్ మీద నొక్కి, బ్యాటరీ అన్న చోట `Unrestricted` ఎంచాను. కొన్ని ఫోన్లలో ఇదే `No restrictions` అని ఉంటుంది. ఆమె ఫోన్‌లో `Autostart` అనే మరో స్విచ్ కూడా ఉంది, దాన్ని ఆన్ చేశాను. వాడని యాప్‌ను పక్కన పెట్టే `Pause app activity if unused` అనే స్విచ్ కూడా అక్కడే ఉంటుంది, దాన్ని ఆపేశాను. లేకపోతే కొన్ని నెలల తర్వాత ఇచ్చిన అనుమతులు వాటంతట అవే పోతాయి. ఆ తర్వాత ప్రత్యేక అనుమతుల్లో `Alarms & reminders` అనే జాబితా చూశాను. అందులో మన యాప్ పేరుంటే దాని స్విచ్ ఆన్‌లో ఉండాలి.

సరిచేశాక పరీక్షించడంలో చాలామంది పొరపడతారు. "రెండు నిమిషాల్లో గుర్తుచేయి" అని, ఫోన్ చేతిలో పట్టుకుని చూస్తూ కూర్చుంటారు. అది మోగుతుంది. ఎందుకు మోగదు, తెర వెలుగుతోంది, ఫోన్ మెలకువగా ఉంది. ఆ పరీక్ష వల్ల అనుమతులు, శబ్దం బాగున్నాయని తెలుస్తుంది తప్ప నిద్ర జబ్బు బయటపడదు. రెండో పరీక్ష కూడా చేయాలి. ప్లగ్గు తీసేసి, తెర ఆర్పి, బల్లమీద పెట్టి, రెండు మూడు గంటల తర్వాతికి రిమైండర్ చెప్పి, మధ్యలో ముట్టుకోకుండా వదిలేయాలి. వేళకి మోగితే రాత్రికీ మోగుతుందని నమ్మవచ్చు. అత్తయ్య మధ్యాహ్నం నిద్రకి ముందు ఆ పరీక్ష పెట్టాం. నాలుగింటికి మోగింది. మర్నాడు ఉదయం కూడా మోగింది.

నోటిఫికేషన్ వేళకి వచ్చి శబ్దం రాని రెండో రకానికి కారణం ఎక్కువగా నిద్రవేళ మోడ్, లేదా డు నాట్ డిస్టర్బ్. రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరు దాకా కాల్స్, మెసేజ్‌లు మోగకూడదని పెట్టుకుంటాం. ఐదున్నర రిమైండర్ సరిగ్గా ఆ గడువులోనే పడుతుంది. మామూలుగా ఈ మోడ్ అలారాలను వదిలేస్తుంది, రిమైండర్లను మాత్రం వదలదు, ఎందుకంటే సిస్టమ్ దృష్టిలో రిమైండర్ అంటే నోటిఫికేషన్, అలారం కాదు. దాని శబ్దం కూడా నోటిఫికేషన్ వాల్యూమ్‌తో వస్తుంది, అలారం వాల్యూమ్‌తో కాదు. పైగా ఒక్కసారి టింగుమని ఊరుకుంటుంది. పక్క గదిలో ఉంటే వినిపించదు. డు నాట్ డిస్టర్బ్ సెట్టింగులో మినహాయింపు ఇచ్చే యాప్‌ల జాబితా ఉంటుంది, రిమైండర్ యాప్‌ను అందులో చేర్చాలి. అసలు వచ్చిందో లేదో గుర్తులేకపోతే ఆండ్రాయిడ్ 11 నుంచి నోటిఫికేషన్ హిస్టరీ అనే సదుపాయం ఉంది. ముందే ఆన్ చేసి ఉంచితే గడిచిన 24 గంటల్లో ఏది ఏ టైముకి వచ్చిందో చూపిస్తుంది.

ఇంకో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఫోన్ శుభ్రం చేస్తామనే యాప్‌లు, లేదా మనమే నొక్కే `Force stop`, ఒక యాప్‌ను బలవంతంగా ఆపితే అది పెట్టుకున్న అలారాలన్నీ రద్దవుతాయి. మనం మళ్ళీ తెరిచేదాకా అది లేవదు. అలాగే రాత్రి అప్‌డేట్ కోసం ఫోన్ తనంతట తాను రీస్టార్ట్ అయితే, మనం ఒకసారి పిన్ కొట్టి తెరిచేవరకు చాలా యాప్‌లు పనిలోకి రావు. ఆ ఒక్క రోజే మోగకపోవడానికి కారణం ఇదై ఉండవచ్చు. తెల్లారి ఫోన్ వేలిముద్ర ఒప్పుకోకుండా పిన్ అడిగితే రాత్రి రీస్టార్ట్ అయిందేమోనని అనుమానించాలి.

ఇక చోటును బట్టి మోగే రిమైండర్లు. "ఇంటికి చేరగానే మోటారు వేయమని గుర్తుచేయి", "ఆఫీసు నుంచి బయల్దేరగానే కూరగాయలు గుర్తుచేయి". టైము ఎంతవుతుందో ముందు తెలియని పనులకు ఇవే సరైనవి. కానీ అన్ని ఫోన్లలో ఇవి లేవు. ఐఫోన్ రిమైండర్స్‌లో 2011 నుంచీ ఉన్నాయి. సిరికి ఇంగ్లీషులో `Remind me to buy tablets when I leave here` అంటే చాలు. శాంసంగ్ ఫోన్లలో ఆ కంపెనీ సొంత రిమైండర్ యాప్‌లో చోటు పెట్టుకోవచ్చు. గూగుల్ మాత్రం రిమైండర్లను టాస్క్స్‌లోకి మార్చినప్పుడు చోటు సదుపాయాన్ని వదిలేసింది. అలాంటి ఫోన్‌లో "ఇంటికి చేరగానే" అని చెబితే ఆ మాటలు పని పేరులో చేరిపోయి, మోగడానికి ఏ షరతూ లేని ఒక పని జాబితాలో మిగలవచ్చు. చెప్పాక యాప్ తెరిచి, ఆ పని కింద టైము గాని చోటు గాని విడిగా కనిపిస్తోందా అని చూడాలి. లేకపోతే అది ఎప్పటికీ మోగదు.

చోటు ఉన్న ఫోన్‌లో కూడా మోగకపోతే ఇది ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి. ఫోన్ మ్యాప్‌లో ఒక బిందువు చుట్టూ వలయం గీస్తుంది. ఆ గీతను మనం దాటినప్పుడే రిమైండర్ లేస్తుంది. దాటడం ముఖ్యం. ఇంట్లో కూర్చుని "ఇంటికి చేరగానే గుర్తుచేయి" అంటే ఏమీ మోగదు, మనం అప్పటికే వలయం లోపల ఉన్నాం. ఒకసారి బయటికెళ్ళి తిరిగి వస్తేనే మోగుతుంది.

గీత దాటిన క్షణానే ఫోన్‌కి తెలియదు కూడా. బ్యాటరీ అయిపోకుండా అది జీపీఎస్‌ను నిరంతరం నడపదు, సెల్ టవర్లు, వైఫై సంకేతాలతో అంచనా వేసుకుంటుంది. ఐఫోన్ గీత దాటాక కనీసం 20 సెకన్లు అవతల ఉన్నామని నిర్ధారించుకున్నాకే చెబుతుంది. ఆండ్రాయిడ్‌లో సగటున రెండు మూడు నిమిషాలు పట్టవచ్చు, ఫోన్ చాలాసేపు కదలకుండా ఉండి ఉంటే ఆరు నిమిషాల దాకా.

ఈ అంకెలు పెట్టి ఒక ప్రయాణం లెక్క వేద్దాం. ఆఫీసు నుంచి బస్సులో వస్తూ దారిలో రైతుబజార్ దగ్గర ఆకుకూరలు గుర్తుచేయాలని 100 మీటర్ల వ్యాసార్ధంతో వలయం పెట్టారనుకోండి. అటునుంచి ఇటు 200 మీటర్లు. బస్సు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళితే ఆ 200 మీటర్లు 12 సెకన్లలో దాటేస్తుంది. ఐఫోన్ కోరే 20 సెకన్లు కూడా లోపల ఉండలేదు. ఆండ్రాయిడ్ సంగతి చూస్తే, గంటకు 40 కిలోమీటర్ల వేగంతో రెండు నిమిషాలంటే 1,300 మీటర్లకు పైనే. మోగేసరికి బస్సు రెండు స్టాపులు దాటి ఉంటుంది. యాప్ చెడిపోలేదు, ఆ పనికి అది సరిపోదంతే. పక్కనుంచి దాటిపోయే చోట్లకు ఇది పనికిరాదు. చేరి ఆగే చోట్లకు, అంటే ఇల్లు, ఆఫీసు, ఊరి బస్టాండు లాంటి వాటికే పెట్టుకోవాలి. వలయం కనీసం 100 నుంచి 150 మీటర్లుండాలని యాప్‌లు తయారుచేసేవాళ్ళకు గూగుల్ చెప్పే మాట. దారిలో దిగాల్సిన చోటైతే అంతకు ముందున్న కొన్ని స్టాపుల దాకా వలయాన్ని పెంచాలి. అప్పుడు ఆలస్యంగా మోగినా దిగడానికి వ్యవధి ఉంటుంది.

మన ఊళ్ళలో మరో చిక్కు చిరునామా. కొత్త కాలనీల్లో ఇంటి నంబరు టైపు చేస్తే మ్యాప్ వీధి మొదట్లోనో, కాలనీ పేరున్న ఇంకో మూలనో సూది గుచ్చుతుంది. వలయం అక్కడ ఉంటే మనం ఇంటికి చేరినా దాన్ని దాటం. యాప్‌లో ఆ రిమైండర్ తెరిచి మ్యాప్‌లో సూది మన ఇంటి మీదే ఉందా అని కళ్ళతో చూసుకోవాలి. ఐఫోన్‌లో "హోమ్" అంటే కాంటాక్ట్స్‌లో మన పేరు మీదున్న కార్డులోని ఇంటి చిరునామా. అది ఖాళీగా ఉన్నా, పాత అద్దె ఇంటిదై ఉన్నా రిమైండర్ అక్కడికి చేరినప్పుడే మోగాలని చూస్తుంది. లొకేషన్ ఆన్‌లో ఉండాలి, రిమైండర్ యాప్‌కి కచ్చితమైన స్థానం తెలుసుకునే అనుమతి కూడా ఉండాలి. వైఫై ఆన్‌లో ఉంటే అంచనా బాగుంటుంది. సెల్లార్ పార్కింగ్‌లో సిగ్నల్ లేక మోగనిది పైకి ఎక్కాక మోగడం మామూలే.

మందుల విషయానికొస్తే నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. ఎన్ని సెట్టింగులు సరిచేసినా, ఒక్కసారి టింగుమని ఊరుకునే నోటిఫికేషన్ మీద ఇన్సులిన్, గుండె మాత్ర, మూర్ఛ మాత్ర వదిలిపెట్టకూడదు. అత్తయ్య ఫోన్ బాగుపడ్డాక కూడా థైరాయిడ్ మాత్రకు విడిగా అలారం పెట్టించాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా ఈ తేడా నేర్పండి. కూరగాయలకి, కరెంటు బిల్లుకి "గుర్తుచేయి" అనమనండి. ప్రాణానికి సంబంధించిన మందుకి మాత్రం "రోజూ ఉదయం ఐదున్నరకి అలారం పెట్టు" అనమనండి. ఆ మాట గడియారం యాప్‌లోకి వెళుతుంది, ఒక్కసారి టింగుమని ఊరుకోకుండా మోగుతూ ఉంటుంది.